‘అద్దె కొనుగోలు’లో అద్దె ఎక్కడుంది?

నారాయణగూడ ట్యూషన్ మాస్టారు:
బీకాం తెలుగు మీడియం పిల్లలకు హైర్ పర్చేజ్ చెబుతున్నాను. నోట్సులో ‘అద్దె కొనుగోలు పద్ధతి’ అని రాయించాను. ఒక కుర్రాడు లేచి అడిగాడు: ‘సార్, అద్దె అంటే అద్దె, కొనుగోలు అంటే కొనుగోలు. అద్దెకు తీసుకున్న మిషనుకు మనం వడ్డీ ఎందుకు రాస్తున్నాం? ఇల్లు అద్దెకుంటే ఓనరుకు వడ్డీ కట్టం కదా?’ నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ పిల్లవాడికి మాట తప్పుగా వినిపించిందా, లేక మాటే తప్పా? ‘వాయిదా కొనుగోలు’ అంటే సరిపోయేది కదా?

బోయిన్‌పల్లి పాఠకురాలు:
అద్దె అని మీరంటున్నారు, మా ఇంట్లో ఎవరూ అనరు మాస్టారూ. హైదరాబాద్‌లో ఇల్లు కిరాయికి ఇస్తరు, ఆటో కిరాయికి తీస్తరు. ‘కిరాయి కొనుగోలు’ అంటే మా పిల్లలకు తొందరగా ఎక్కుతది.

లెక్కల సుబ్బారావు గారి శిష్యుడు (రిటైర్డ్ ఆడిట్ ఉద్యోగి):
‘వాయిదా కొనుగోలు’ అనకండి మాస్టారూ. అది వేరే పద్ధతి. అందులో మొదటి రోజే సరుకు కొన్నవాడిదైపోతుంది, వాయిదాలు మిగిలిన బాకీ మాత్రమే. హైర్ పర్చేజ్‌లో చివరి వాయిదా కట్టేదాకా సరుకు అమ్మినవాడిదే. కొంటున్నవాడు అప్పటిదాకా వాడుకునేవాడు. ఆ తేడా అంతా ‘అద్దె’ అన్న మాటలోనే ఉంది. మాట తప్పు కాదు.

దీనికి పాత తీర్పొకటి ఉంది. 1895లో ఇంగ్లండ్‌లో, హెల్బీ వర్సెస్ మాథ్యూస్. ఒకాయన పియానో నెలసరి వాయిదాల మీద తీసుకుని, డబ్బంతా కట్టకముందే తాకట్టు పెట్టేశాడు. పియానో ఇచ్చినాయన తాకట్టు వ్యాపారి మీద దావా వేసి గెలిచాడు. ఎందుకంటే ఒప్పందం ప్రకారం తీసుకున్నవాడు ఎప్పుడైనా పియానో తిరిగిచ్చేయవచ్చు. కొని తీరాలన్న బాధ్యత అతనికి లేదు. కాబట్టి అతను కొనుగోలుదారు కాడు, అద్దెకు తీసుకున్నవాడు. మీ కుర్రాడు అడిగింది సరిగ్గా ఆ ప్రశ్నే.

నారాయణగూడ ట్యూషన్ మాస్టారు:
బాగుంది సార్. కానీ వడ్డీ మాటేమిటి? చట్టం అద్దె అంటుంటే మా లెక్కల పుస్తకం వడ్డీ అంటుంది.

లెక్కల సుబ్బారావు గారి శిష్యుడు:
ఒక లెక్క వేసి చూపిస్తాను, జవాబు అందులోనే ఉంటుంది. కోఠీలో ఒక జిరాక్స్ షాపతను మిషను తీసుకున్నాడనుకోండి. రొక్కం ఇచ్చి కొంటే ధర 43,100. హైర్ పర్చేజ్‌లో అయితే మొదట 10,000, ఆపైన ప్రతి ఏడాది చివర 13,310 చొప్పున మూడు వాయిదాలు. అన్నీ కలిపితే 49,930. తేడా 6,830. వడ్డీ రేటు నూటికి 10.

మొదటి 10,000 మిషను అందిన రోజే కట్టాడు. దాంట్లో వడ్డీ ఉండదు, ఆ డబ్బుకు గడువే లేదు కదా. మిగిలిన బాకీ 33,100. ఏడాది గడిచాక దాని మీద వడ్డీ 3,310. వాయిదా 13,310 కాబట్టి మిగిలిన 10,000 అసలుకు జమ, బాకీ 23,100. రెండో ఏడు వడ్డీ 2,310, అసలు 11,000, బాకీ 12,100. మూడో ఏడు వడ్డీ 1,210, అసలు 12,100. బాకీ తుడిచిపెట్టుకుపోయింది.

కొన్నవాడు ‘అద్దె’ అనుకుని 13,310 మొత్తాన్నీ ఖర్చు రాస్తే మిషను ఖరీదు కూడా లాభనష్టాల్లో కొట్టుకుపోతుంది. అందుకే పుస్తకం వాయిదాను చీల్చి వడ్డీని విడిగా పెడుతుంది. ఒకే డబ్బుకు ఒప్పందం ఒక పేరు పెట్టింది, ఆవర్జా రెండు పేర్లు పెట్టింది. అంతే.

మల్కాజిగిరి కుర్రాడు:
సార్, అంత తిరుగుడెందుకు? మొత్తం వడ్డీ 6,830. మూడు వాయిదాలూ సమానమే కాబట్టి మూడుతో భాగిస్తే ఏడాదికి సుమారు 2,277. వాయిదాలు సమానమైనప్పుడు వడ్డీ కూడా సమానమే కదా?

లెక్కల సుబ్బారావు గారి శిష్యుడు:
బాబూ, మొత్తం వడ్డీ సరిగ్గా పట్టుకున్నావు. పంచుకోవడం దగ్గర పొరపాటు పడ్డావు. మొదటి ఏడు వాడుకున్న అప్పు 33,100, మూడో ఏడు 12,100. రెండింటికీ ఒకే వడ్డీ అంటే మొదటి ఏడు లాభం ఎక్కువ కనిపిస్తుంది, మూడో ఏడు తగ్గుతుంది. రేటు చెప్పకపోతే మాత్రం నీ దారికి దగ్గరి పద్ధతి ఒకటి ఉంది. వడ్డీని 3:2:1 నిష్పత్తిలో పంచుతారు. 3,415, 2,277, 1,138 వస్తాయి. అసలైన అంకెలకు దగ్గరగానే ఉన్నాయి చూడు. అది రేటు తెలియనప్పుడు, వాయిదాలు సమానమైనప్పుడు మాత్రమే.

నారాయణగూడ ట్యూషన్ మాస్టారు:
మా క్లాసులో ఎక్కువమంది చేసే తప్పు వేరు సార్. మొదటి 10,000 తీసివేయకుండా 43,100 మీదే వడ్డీ వేస్తారు. 4,310 వస్తుంది. ఆ 10,000, మొదటి వాయిదా రెండూ అప్పుడు తీసేస్తే బాకీ 24,100, ఆ తరవాత 13,200. చివరి ఏడు వడ్డీ తేల్చడానికి వాయిదాలోంచి బాకీ తీసేస్తే 110 రూపాయలు వస్తుంది. 13,200 మీద 110 వడ్డీ! పక్కన చూసుకుంటే తెలిసిపోయేదే. కానీ ఎవరూ చూసుకోరు, రాసేసి లేచిపోతారు.

బోయిన్‌పల్లి పాఠకురాలు:
ఇది బాగుంది. మా ఆయన స్కూటర్ కూడా హైర్ పర్చేజే. ఆర్సీ మీద ఫైనాన్స్ పేరుంది. మరి ఆ స్కూటర్ మాది కాదా? నేను మూడేళ్లుగా మా బండి అంటున్న.

లెక్కల సుబ్బారావు గారి శిష్యుడు:
అమ్మా, మీది బహుశా హైపోథికేషన్. పేర్లు దగ్గరగా ఉంటాయి కనుక కలిసిపోతాయి. అందులో బండి మొదటి రోజు నుంచీ మీదే, అప్పు తీరేదాకా ఫైనాన్సుకు దాని మీద హక్కు మాత్రం ఉంటుంది. మోటారు వాహనాల చట్టంలో హైర్ పర్చేజ్, లీజు, హైపోథికేషన్ మూడింటినీ ఆర్సీ మీద ఎక్కిస్తారు. తీరిపోయాక ఫారం 35 ఇచ్చి తీయించుకోవాలి. ఇది మాస్టారు అడిగిన దానికి పక్కదారి, కానీ మంచి పక్కదారి.

ఉప్పల్ నుంచి ఒకరు:
మా నాన్నది నిజంగా హైర్ పర్చేజే. ఆటో. రెండు వాయిదాలు తప్పాయి, వచ్చి తీసుకుపోయారు. అప్పటిదాకా కట్టిందంతా ‘కిరాయి కింద పోయింది’ అన్నారు. కాగితంలో కూడా అదే రాసి ఉంది. మీరు మాట గురించి చర్చిస్తున్నారు, మాకు ఆ మాటే ఆటో అయింది.

లెక్కల సుబ్బారావు గారి శిష్యుడు:
బాధగా ఉంది. 1972లో పార్లమెంటు హైర్ పర్చేజ్ చట్టం చేసింది, కానీ అది అమల్లోకి రాకుండానే 2005లో రద్దైంది. అందుకని ఈ వ్యవహారంలో చాలామటుకు ఒప్పందం కాగితంలో ఏముందన్నదే చూస్తారు. సంతకం ముందు ఆ కిరాయి పదం చదవాలి.

అదే జిరాక్స్ మిషనుకు ఇలా జరిగితే పుస్తకాల్లో ఏమవుతుందో చెబుతాను. మొదటి వాయిదా కట్టాడు, రెండోది కట్టలేకపోయాడు. బాకీ 23,100, రెండో ఏడు వడ్డీ 2,310 కలిపితే 25,410. కొన్నవాడి పుస్తకంలో మిషను మొదటి రోజే 43,100కి ఎక్కింది. సమాన వాయిదాల పద్ధతిలో ఏటా పదోవంతు తరుగుదల వేస్తే రెండేళ్లకు 8,620 పోయి, 34,480 మిగిలింది. 34,480 విలువైన మిషను పోయింది, 25,410 బాకీ తీరింది. నష్టం 9,070.

అమ్మినవాడి వైపు ఇంకోలా ఉంటుంది. అతనికి రావలసింది 25,410. తిరిగొచ్చిన మిషనును అతను తన అంచనా ప్రకారం, 20,000 అనుకోండి, తీసుకున్న సరుకు ఖాతాకు డెబిట్ చేస్తాడు. మిగిలిన 5,410 అతని నష్టం. ఒకే మిషను, రెండు పుస్తకాలు, రెండు విలువలు. పరీక్షలో పిల్లలు కొన్నవాడి 34,480ని తెచ్చి అమ్మినవాడి పుస్తకంలో వేస్తారు. అక్కడే మార్కులు పోతాయి.

మల్కాజిగిరి కుర్రాడు:
సార్, నాకో అనుమానం. మిషను తనది కానప్పుడు దాన్ని 43,100కి తన ఆస్తిగా ఎలా రాసుకుంటాడు? తరుగుదల కూడా ఎలా వేస్తాడు?

లెక్కల సుబ్బారావు గారి శిష్యుడు:
వాడుతున్నది అతనే, అరిగేది అతని చేతిలోనే, కట్టేవన్నీ కడితే చివరికి సొంతమయ్యేది అతనికే. పుస్తకం ఆ వాస్తవాన్ని చూస్తుంది. మిషను ఖాతా డెబిట్, అమ్మినవారి ఖాతా క్రెడిట్ 43,100. 49,930 కాదు. వడ్డీ మిషను ఖరీదు కాదు కనుక, అది ఏటా కూడినప్పుడే రాయాలి.

అయితే నీ అనుమానానికి నిజాయితీగా జవాబిచ్చే పద్ధతి కూడా ఒకటుంది. ఎంత అసలు కట్టాడో అంతే ఆస్తిగా రాస్తారు. మొదటి రోజు 10,000, మొదటి ఏడు చివర మరో 10,000, రెండో ఏడు 11,000, మూడో ఏడు 12,100. ‘అద్దె’ అన్న మాటను గౌరవించే లెక్క అది. తరుగుదల మాత్రం అప్పుడు కూడా 43,100 మీదే వేస్తారు. అక్కడ ‘అద్దె’ ఒప్పుకోదు. ఎందుకని మా గురువుగారిని అడిగితే ‘మిషను సగం అరగదు కదయ్యా’ అన్నారు.

నారాయణగూడ ట్యూషన్ మాస్టారు:
రేపు క్లాసులో ఇదే చెబుతాను. కానీ బోయిన్‌పల్లి మేడమ్ మాట ఇంకా తేలలేదు. అద్దెనా, కిరాయా? నాకైతే ‘కిరాయి కొనుగోలు’ అనాలనిపిస్తోంది, ఉప్పల్ అన్న కథ విన్నాక మరీను.

లెక్కల సుబ్బారావు గారి శిష్యుడు:
పరీక్షలో ‘అద్దె కొనుగోలు’ అనే రాయించండి. పేపరు దిద్దేవాళ్లు ఏ జిల్లా వాళ్లో తెలియదు.

బోయిన్‌పల్లి పాఠకురాలు:
రాయించండి, చదివేటప్పుడు మాత్రం కిరాయి అనుకోమనండి. ఇంకొకటి, తిరిగి తీసుకుపోవడానికి మీ పుస్తకంలో ఏమంటరు? జప్తు అనకండి, జప్తు కోర్టు చేస్తది.

ఉప్పల్ నుంచి ఒకరు:
మా గల్లీలో ‘గుంజుకపోయిన్రు’ అన్నరు అక్కా.