చేతి కంట్రోల్‌తో నడపడానికి ఏఎంటీ సరిపోతుందా? లివర్ ఏ వైపు పెట్టించాలి?

శ్రావణి_మారతహళ్లి: నమస్తే అండీ. పోలియో వల్ల నా రెండు కాళ్లలోనూ బలం తక్కువ, క్యాలిపర్లతో నడుస్తాను. ఇన్నాళ్లూ సైడ్ వీల్స్ స్కూటీ మీదే వైట్‌ఫీల్డ్ ఆఫీసుకి వెళ్తున్నాను. వానాకాలం ఇక నా వల్ల కావట్లేదు, కారు కొంటున్నాం. మా వారు కూడా అదే నడుపుతారు. ఏఎంటీ తీసుకోవాలా, ఇంకొంత పెట్టి సీవీటీకి వెళ్లాలా? మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంప్ బాగా ఏటవాలు. పైన గేటు తీసేదాకా ర్యాంప్ మీదే ఆగాలి.

రమేశ్_కేఆర్‌పురం: ఏఎంటీ కూడా ఆటోమేటిక్కే కదండీ. క్లచ్ పెడల్ ఉండదు, మైలేజీ బాగుంటుంది, ధర తక్కువ. చేతి కంట్రోల్ దేనికైనా ఒకేలా బిగిస్తారు. పైగా దివ్యాంగుల సర్టిఫికెట్ పెడితే జీఎస్టీ 18 శాతమే పడుతుంది.

వెంకటరావు_జయనగర్: రమేశ్ గారూ, చిన్న పెట్రోల్ కార్లకి 2025 సెప్టెంబర్ నుంచి అందరికీ 18 శాతమే. ఆ లెక్క చూసుకుని కారు ఎంచుకోనక్కర్లేదు.

శ్రావణి గారూ, మీ ర్యాంప్ దగ్గరే అసలు విషయం ఉంది. ఏఎంటీలో పెడల్ లేదు గానీ క్లచ్ ఉంది. మీ బదులు ఒక యాక్చువేటర్ దాన్ని నొక్కుతుంది, వదులుతుంది. మన చేతి కంట్రోల్‌లో లివర్‌ని ముందుకి తోస్తే బ్రేక్, మనవైపు లాగితే యాక్సిలరేటర్. రెండూ ఒకేసారి కుదరవు. బ్రేక్ వదిలి లాగేలోపు ఏఎంటీ క్లచ్ ఇంకా పట్టుకోదు, బండి వెనక్కి జారుతుంది. హిల్ హోల్డ్ ఉంటే రెండు సెకన్ల పాటు ఆపుతుంది. ఆ కాస్త సమయం చాలు, కానీ కంగారు పడకూడదు. గేటు దగ్గర యాక్సిలరేటర్ కొంచెం లాగి పట్టి బండిని నిలబెట్టడం మాత్రం వద్దు. క్లచ్ అరిగి కాలిన వాసన వస్తుంది.

అమేజ్, ఐ20 లాంటి వాటి సీవీటీల్లో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. బ్రేక్ వదిలిన వెంటనే బండి మెల్లగా ముందుకి లాగుతుంది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో కూడా చేతికి శ్రమ తగ్గుతుంది. డబ్బు సర్దుకోగలిగితే దానికే వెళ్లండి.

లక్ష్మి_హోసూర్‌రోడ్: మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక కారెక్కడం కష్టంగా ఉంది. బయటికి తిరిగే సీటు వస్తుందంటున్నారు, ఆటోమేటిక్ కారుకే బిగిస్తారా?

వెంకటరావు_జయనగర్: లేదమ్మా, దానికి గేర్లతో సంబంధం లేదు. తలుపు ఎంత తెరుచుకుంటుంది, సీటు ఎంత ఎత్తులో ఉంది, అవే ముఖ్యం. వేరే పోస్ట్ పెట్టండి, చెప్తాను.

శ్రావణి_మారతహళ్లి: బిగించే ఆయన లివర్ స్టీరింగ్‌కి ఎడమవైపు పెడతానన్నారు. కుడిచేత్తో నాబ్ పట్టుకుని తిప్పాలట. అది మంచిదేనా?

వెంకటరావు_జయనగర్: ఒకసారి ఆగిన బండిలో కూర్చుని ఊహించుకోండి. పి నుంచి డి లోకి మార్చాలంటే బ్రేక్ నొక్కి ఉండాలి, లేకపోతే గేర్ లివర్ కదలదు. ఎడమచెయ్యి బ్రేక్ తోస్తుంటే గేర్ ఎవరు మారుస్తారు? ర్యాంప్ మీద హ్యాండ్ బ్రేక్ ఎవరు వదులుతారు? ఎడమవైపే కావాలంటే తోసిన బ్రేక్‌ని అక్కడే నిలిపి ఉంచే లాక్ ఉన్న కిట్ అడగండి. కుడివైపు పెట్టిస్తే ఎడమచెయ్యి ఖాళీగా ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి, లివర్ కొంచెం లాగి, బండి ముందుకి ఒత్తుతోందని తెలిశాక హ్యాండ్ బ్రేక్ వదలొచ్చు. అలా చేస్తే ఏఎంటీ కూడా జారదు.

బిగించాక ఇంజిన్ ఆపి లివర్‌ని నాలుగైదుసార్లు తోయండి. బ్రేక్ రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు మీ బలమంతా పెట్టి తోసి పట్టండి. పెడల్ దగ్గర క్లాంప్ జారినా, రాడ్ వంగినా, లివర్ డ్యాష్‌బోర్డుకి తగిలినా డెలివరీ తీసుకోకండి. స్టీరింగ్‌ని పైకి, కిందికి వంచి కూడా చూడండి.

నసీర్_బీటీఎం: పెడల్స్ అలాగే ఉంటాయి కాబట్టి మీ వారు కాళ్లతో నడపొచ్చు. కానీ ఆర్సీలో అడాప్టెడ్ వెహికల్ అని పడుతుంది. చట్టం ప్రకారం అది దివ్యాంగులు వాడేది, లేదా వాళ్ల కోసం వాడేది. మిమ్మల్ని దింపడానికైతే ఇబ్బంది లేదు. ఆయన ఒక్కరే తన పనికి తీసుకెళ్తే క్లెయిమ్ విషయంలో ఏమంటారో నాకు ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ రాసి, జవాబు దాచుకోండి.

రమేశ్_కేఆర్‌పురం: ఈవీ తీసుకుంటే క్లచ్ గొడవే ఉండదు కదా? బ్రేక్ కూడా పెద్దగా వాడనక్కర్లేదట.

వెంకటరావు_జయనగర్: క్లచ్ ఉండదు, నిజమే. లివర్ మధ్యలోకి రాగానే బండి దానంతటదే నెమ్మదిస్తుంది, హాయిగానే ఉంటుంది. కానీ ఎవరైనా అడ్డం వస్తే తోయాల్సింది బ్రేకే. పైన చెప్పిన క్లాంప్ పరీక్ష దానికీ చేయాల్సిందే.

శ్రావణి_మారతహళ్లి: శనివారం షోరూమ్ వాళ్లని రెండు రకాలూ మా బేస్‌మెంట్‌కే తెమ్మన్నాను. ఇంకొక్క సందేహం. లివర్ కుడివైపు ఉంటే తలుపులోంచి ఎక్కేటప్పుడు కాలికి తగలదా? క్యాలిపర్ మోకాలి లాక్ తీయకుండా నేను కాలు లోపల పెట్టలేను.

వెంకటరావు_జయనగర్: తగులుతుందండీ. ఎడమవైపు పెడతానన్నది బహుశా అందుకే. సీటు పూర్తిగా వెనక్కి జరిపి, తలుపు దగ్గర కూర్చుని, లాక్ తీశాక మీ మోకాలికీ స్టీరింగ్‌కీ మధ్య ఎంత చోటు మిగులుతుందో ఆ రోజే టేపుతో కొలవండి. బిగించే ఆయన్ని కూడా అక్కడికే పిలిపించి, లివర్ ఎక్కడ వస్తుందో చూపించమనండి. ఆ కొలత చూశాకే ఏ వైపో తేల్చుకోండి.