విడిపోతున్నాం, ఫ్లాట్ లోన్ ఇద్దరి పేరు మీదా ఉంది. ఎలా తేల్చుకోవాలి?

సుజాత_మారతహళ్ళి
మ్యూచువల్‌లో విడిపోతున్నాం. ఫ్లాట్ ఆయనే ఉంచుకుంటారట. లోన్ ఇంకా 48 లక్షలుంది, ఇవాళ అమ్మితే ఫ్లాట్‌కి 80 వస్తుంది. కొన్నప్పుడు నేను 10, ఆయన 6 పెట్టాం. ఈఎంఐ సగం సగం కట్టుకున్నాం. జాయింట్ అకౌంట్, నా కార్డు మీద ఆయనకిచ్చిన యాడ్ ఆన్ కార్డు కూడా ఉన్నాయి. నాకు ఎంత రావాలి? లోన్‌లోంచి ఎలా బయటపడాలి?

కడప_కుర్రాడు
సింపుల్ అక్కా. సెటిల్‌మెంట్ కాగితంలో "ఇకపై లోన్ భర్తదే" అని రాయించి కోర్టులో పెట్టండి. మీకిక సంబంధం ఉండదు. మా ఫ్రెండ్ అలాగే చేశాడు.

బ్యాంకు_బాబాయ్
మీ ఫ్రెండ్ అదృష్టవంతుడు, అంతే. రిటైరయ్యే దాకా హోమ్ లోన్ సెక్షన్‌లోనే ఉన్నాను, చెబుతున్నా వినండి. ఆ కాగితం మొగుడూపెళ్ళాల మధ్యే చెల్లుతుంది. బ్యాంకు దాని మీద సంతకం పెట్టలేదుగా! ఆయన రేపు ఈఎంఐ ఎగ్గొడితే ఫోన్ సుజాతకే వస్తుంది, ఆమె సిబిల్ కూడా పాడవుతుంది.

బ్యాంకే మిమ్మల్ని లోన్‌లోంచి తీసేయాలమ్మా. అందుకు ఆయన జీతం ఒక్కటీ సరిపోతుందా అని మళ్ళీ లెక్క వేస్తారు. 48 లక్షలకి 8.5 శాతం, 15 ఏళ్ళంటే నెలకి 47 వేల పైచిలుకు. మిగతా లోన్లతో కలిపి చేతికొచ్చే జీతంలో సగం దాటితే సాధారణంగా ఒప్పుకోరు.

ఫ్లాట్‌లో మీ వాటా వదులుకుంటూ రిలీజ్ డీడ్ మీద ముందే సంతకం పెట్టొద్దు. పెడితే ఇల్లు పోతుంది, అప్పు మిగులుతుంది. మీ పేరు లోన్‌లోంచి తీసినట్టు బ్యాంకు లెటర్ చేతికి రావాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ రాసే రోజే మీ డబ్బు డీడీగా రావాలి. స్టాంపు ఖర్చు మాత్రం విడాకుల డిక్రీకి ముందే లాయర్‌ని అడగండి. కుటుంబ సభ్యుల మధ్య అయితే కర్ణాటకలో రాయితీ ఉంది, డిక్రీ వచ్చాక భార్యాభర్తలు కారు కదా.

వైట్‌ఫీల్డ్_వాణి
అందరూ ఫ్లాట్ ఫ్లాట్ అంటున్నారు, బంగారం సంగతేంటి? నాది జాయింట్ లాకర్‌లో ఉండిపోయింది. పుట్టింటి వాళ్ళు పెట్టింది స్త్రీధనం, అది నాదే. అత్తింటి వాళ్ళేమో లిస్టు చూపించమంటున్నారు!

హెబ్బాళ_రామ్
బంగారం తర్వాత. నేను పీజీలో ఉంటూ ఏడాదిగా సగం ఈఎంఐ కట్టాను, ఆవిడ ఫ్లాట్‌లో హాయిగా ఉంది. ఉన్నవాళ్ళే మొత్తం కట్టాలి, అదే న్యాయం.

వైట్‌ఫీల్డ్_వాణి
హాయిగానా? పిల్లాడి స్కూల్, ట్యూషన్, మెయింటెనెన్స్ బిల్లు ఎవరు చూశారు? పీజీకి వెళ్ళిపోవడం తేలిక రామ్ గారూ.

హెబ్బాళ_రామ్
మీకు నా సంగతి ఏం తెలుసని? అడిగింది ఈఎంఐ గురించి.

బ్యాంకు_బాబాయ్
ఇక్కడ కొట్టుకోకండి. ఈఎంఐని రెండుగా విడదీయండి. సుజాత లోన్ మీద మొదటి నెల వడ్డీ 34 వేలు, అసలు 13 వేలు. వడ్డీ అద్దెలాంటిది, ఉన్నవాళ్ళు భరించాలి. అసలు కడితే ఇద్దరి వాటా పెరుగుతుంది కాబట్టి చెరిసగం. చట్టంలో ఇలా రాసి లేదు, కానీ చాలామంది దీనికి ఒప్పుకున్నారు.

హెబ్బాళ_రామ్
అదే ఫ్లాట్‌కి అద్దె 28 వేలే వస్తుంటే? అప్పుడు 34 ఎందుకు కట్టాలి అని ఆవిడ లాయర్ అడిగాడు. జవాబు ఉందా?

బ్యాంకు_బాబాయ్
ఆ తేడా బేరమాడుకోవాలి. నా దగ్గర ఫార్ములా లేదు.

సుజాతమ్మా, మీ లెక్క ఇది. 80లో 48 పోతే 32. ఎవరు పెట్టింది వాళ్ళకి ముందు ఇస్తే 16 పోయి 16 మిగులుతుంది, చెరి 8. మీకు 18, ఆయనకి 14. ఆయన "మొత్తం సగం" అంటే మీకు 16 వస్తుంది. బేరమంతా ఈ 2 లక్షల మీదే.

జాయింట్ అకౌంట్ "ఐదర్ ఆర్ సర్వైవర్" అయితే ఒక్కరే మొత్తం తీసేయొచ్చు. ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు ఇవ్వాలని ఈరోజే బ్యాంకులో లెటర్ ఇవ్వండి. యాడ్ ఆన్ కార్డు ఆపించండి, ఆయన గీకినా బిల్లు మీ మీదే పడుతుంది.

కడప_కుర్రాడు
నేను చెప్పిందీ పూర్తిగా తప్పేం కాదు. ఆయన కట్టకపోతే ఆ కాగితం చూపించి ఆయన మీద వసూలు చేసుకోవచ్చుగా!

బ్యాంకు_బాబాయ్
చేసుకోవచ్చు. ముందు నీ జేబులోంచి బ్యాంకుకి కట్టి, తర్వాత కోర్టు చుట్టూ తిరిగి.

సుజాత_మారతహళ్ళి
బ్యాంకుకి వెళ్ళొచ్చాం. ఆయన చేతికొచ్చేది లక్షా పది వేలు, కార్ లోన్ 15 వేలు ఉంది కాబట్టి కుదరదన్నారు. మామగారిని కో అప్లికెంట్‌గా పెడతామంటున్నారు, ఆయనకి 66.

బ్యాంకు_బాబాయ్
ఆ వయసుకి గడువు తగ్గించేస్తారు, ఈఎంఐ ఇంకా పెరుగుతుంది. కార్ లోన్ తీర్చేయమనండి, 47 వేలు సగంలోపే వస్తుంది. కానీ మీకివ్వాల్సిన 18 లక్షలు ఎక్కడ్నుంచి తెస్తాడో అడిగారా? టాప్ అప్ అంటే మళ్ళీ ఈఎంఐ సగం దాటుతుంది. తేలకపోతే అమ్మడమే.

కోరమంగళ_లత
మధ్యలో వస్తున్నా, క్షమించండి. మాది అద్దె ఇల్లు. పది నెలల అడ్వాన్సులో సగం నాదే, అగ్రిమెంట్ మాత్రం ఆయన పేరు మీద ఉంది. ఓనర్ ఆయనకే తిరిగిస్తానంటున్నాడు, పైగా పెయింటింగ్‌కి ఒక నెల కోత. నా సగంలోంచి కూడా ఆ కోత పడుతుందా?