14 ఏళ్ళ కుర్రాడు, 40 కిలోల స్క్వాట్: ఎత్తు ఆగిపోతుందా?

పాలకొల్లు మేనమామ:
నమస్కారమండీ. మా అక్క కొడుక్కి 14 ఏళ్ళు, 46 కిలోలుంటాడు. టెన్నిస్ బాల్ క్రికెట్లో ఫాస్ట్ బౌలింగ్ వేస్తాడు. స్పీడు పెంచుకోవాలని సెలవుల్లో టౌన్లో జిమ్ములో చేరాడు. మూడో వారానికే భుజాల మీద 40 కిలోలు పెట్టుకుని స్క్వాట్లు తీస్తున్నాడు. ఎత్తు ఆగిపోతుంది, మాన్పించమని మా అమ్మ ఒకటే గొడవ. నిజమేనా? పక్కనుంచి తీసిన వీడియో పెట్టాను, చూసి చెప్పండి.

జిమ్ తమ్ముడు:
అన్నా, 18 వచ్చేదాకా ఇనుము ముట్టుకోనివ్వకండి. ఎదిగే పిల్లల ఎముకల చివర్లు ఇంకా గట్టిపడవు, బరువు పడితే అక్కడ నొక్కుకుపోయి ఎత్తు ఆగుతుంది. అప్పటిదాకా పుషప్స్, పులప్స్ చాలు.

చెరువు గట్టు బాబాయ్:
ఇవన్నీ ఇప్పటి మాటలు. మా నాన్న 13 ఏళ్ళకే వడ్ల బస్తాలు మోశాడు, ఆరడుగులుండేవాడు. కుర్రాడికి పొద్దున్నే నాలుగు గుడ్లు పెట్టండి, అన్నీ సర్దుకుంటాయి.

పీఈటీ మేడం, అమలాపురం వైపు:
తమ్ముడూ, ఎముక చివర మెత్తటి చోటు ఉన్న మాట నిజం. పక్కనున్న ఎముక కంటే అది బలహీనమన్నదీ నిజమే. కానీ పక్కన తెలిసినవాళ్ళుండి, పద్ధతిగా చేయిస్తే బరువుల వల్ల ఎత్తు ఆగినట్టు ఎక్కడా తేలలేదు. నువ్వు చేయమన్న పులప్ చూడు. వాడు తన 46 కిలోల్నీ చేతుల మీద లాగాలి. బౌలింగ్లో ముందుకాలు నేలకు తగిలినప్పుడు పడే దెబ్బ ఒంటి బరువుకి ఎన్నో రెట్లు. వాటితో పోలిస్తే నేను స్కూల్లో పిల్లలకిచ్చే 6 కిలోల సంచి ఏపాటిది? చిన్నపిల్లలకు జిమ్ముల్లో ఎక్కువగా తగిలేవి ప్లేటు కాలి మీద పడటం, వేలు నలగడంలాంటివి. పెద్దవాళ్ళు దగ్గర లేనప్పుడే ఇవి ఎక్కువగా జరుగుతాయి.

మేనమామ గారూ, నన్నడిగితే ఎత్తు గురించి టెన్షన్ వద్దు. వీడియోనే భయపెడుతోంది. మొదటి మూడూ బాగానే కూర్చున్నాడు. నాలుగోసారికి మడమలు లేచాయి. ఐదోసారికి కిందికి వెళ్ళగానే నడుం గుండ్రంగా ముడుచుకుంది. పైకి లేవడానికి మళ్ళీ వెనక్కి విరుచుకున్నాడు. పక్కన నిలబడ్డ కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు! ఒక్కటి చెప్పండి, బాబుకి నడుం నొప్పి ఉందా?

పాలకొల్లు మేనమామ:
మీరడిగాక వాణ్ణి కూర్చోబెట్టి అడిగానండి. రెండు వారాల పైనే అయిందట, ఇంట్లో చెప్పలేదు. నడుం కింద ఎడమవైపు. ముందుకు వంగితే ఏమీ లేదు, వెనక్కి వంచితే నొప్పి. బౌలింగ్ వేసిన రాత్రి ఇంకా ఎక్కువట.

పీఈటీ మేడం:
అయితే ఈ రోజునుంచి బౌలింగూ స్క్వాటూ రెండూ ఆపించండి. ఈ వయసు ఫాస్ట్ బౌలర్లకు వెన్నుపూస వెనకభాగంలో సన్నటి చీలిక వచ్చే అవకాశం ఉంటుంది. ఒకవైపే నొప్పి, వెనక్కి వంగితే పెరగడం దాని గుర్తులు. అదే అని నేను అనడం లేదు, చూసి తేల్చాల్సింది ఎముకల డాక్టరు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా అంతటితో వదిలేయకండి, మొదట్లో అందులో కనపడకపోవచ్చు. బౌలర్ అన్న సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

రాజోలు అమ్మ:
మా పాపకి 13, మోకాలి చిప్ప కింద బొడిపెలా వచ్చి నొప్పి. తనూ స్క్వాట్లు మానాలా?

పీఈటీ మేడం:
అది వేరే సంగతమ్మా, ఇందులో కలపొద్దు. చూపించాక విడిగా రాయండి, మాట్లాడుకుందాం.

పాలకొల్లు మేనమామ (నెల తర్వాత):
ఎమ్మారై తీయించామండి. చీలిక లేదు, కండరం పట్టేసిందన్నారు. మూడు వారాలు అన్నీ ఆపించారు. ఇప్పుడు వెనక్కి వంగినా నొప్పి లేదు, మెల్లగా మొదలుపెట్టుకోవచ్చన్నారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? 20 కిలోల ఖాళీ బార్‌తోనా?

పీఈటీ మేడం:
బార్ ఇప్పుడే వద్దండీ. ఖాళీ బారే 20 కిలోలు. మీ ఊరి జిమ్ముల్లో దొరికే చిన్న ప్లేటు బహుశా రెండున్నర కిలోలు. అటొకటి, ఇటొకటి వేస్తే ఒకేసారి 5 కిలోలు పెరిగిపోతుంది. అంటే పావు వంతు. పిల్లలకు ఒక విడతలో పదోవంతుకి మించి పెంచకూడదు.

ముందు బరువు లేకుండా వెనక ఒక బల్ల వేసి, దాన్ని తాకి లేవమనండి. మడమలు లేవకుండా, మోకాళ్ళు వేళ్ళవైపే ఉండి, నడుం ముడుచుకోకుండా 12 సార్లు వస్తే స్కూలు బ్యాగు ముందువైపు గుండెకి తగిలించండి. బ్యాగుతో కలిపి మొత్తం 5 కిలోలు అయ్యేలా కిలో ఉప్పు ప్యాకెట్లు వేయండి. 8 సార్లు, రెండు సెట్లు. అవి సులువయ్యాక 9, తర్వాత 10, అలా 12 దాకా. వరసగా రెండు రోజులు 12 శుభ్రంగా వస్తేనే అరకిలో కందిపప్పు ప్యాకెట్ కలపండి. వారానికి రెండు రోజులు, మధ్యలో రెండు రోజుల ఖాళీ. ఇంకో రెండు, మూడు చేయగలడనిపించినప్పుడే ఆపేయాలి. ఒక్కసారి పద్ధతి తప్పినా ఆ సెట్టు అయిపోయినట్టే. మీరు ఎదురుగా నిలబడండి, ఫోన్ పక్కన స్టూలు మీద పెట్టండి.

చెరువు గట్టు బాబాయ్:
ఉప్పు ప్యాకెట్లు దేనికండీ, రొయ్యల చెరువు దగ్గర మేత బస్తాలున్నాయిగా. 25 కిలోలు. మా వాడు ఆదివారం పది మోసేస్తాడు.

పాలకొల్లు మేనమామ:
అమ్మో, మావాడూ ఆదివారాలు మా బావ చెరువు దగ్గరికి వెళ్తాడండి! గట్టు మీద ఎన్ని మోస్తాడో నేను అడగనే లేదు.

పీఈటీ మేడం:
అదీ లెక్కలోకి వస్తుంది. తడి గట్టు మీద ఒక భుజాన 25 కిలోలంటే వాడి ఒంటి బరువులో సగం పైన. బస్తా విప్పి బకెట్లలో సగం సగం మోయమనండి, లేదా ఈ రెండు నెలలు బావగారే మోసుకుంటారు. బాబాయ్ గారూ, మీ నాన్నగారి బస్తాల మీద నాకు గౌరవమేనండి. ఆ రోజుల్లో నడుం పట్టేసినవాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు.

ఇంకోటి. ప్రతి నెలా ఒకటో తారీఖున గుమ్మం దగ్గర ఎత్తు గీత గీయండి. నెలలో సెంటీమీటరు దాకా పెరిగాడంటే ఎదుగుదల జోరు మీద ఉందన్నమాట. కాళ్ళు పొడుగై, నిన్న వచ్చిన స్క్వాట్ ఈ రోజు తడబడుతుంది. అప్పుడు కొత్త బరువు కలపకండి, కొంచెం తీసేసినా తప్పులేదు.

జిమ్ తమ్ముడు:
మేడం, మరి బార్ దగ్గరికి ఎప్పుడు? కరణం మల్లీశ్వరి కూడా చిన్నప్పుడే మొదలుపెట్టారుగా.

పీఈటీ మేడం:
ఆవిడకి రోజూ కోచ్ కళ్ళముందు ఉండేవారు తమ్ముడూ. వీడికి పది, పన్నెండు కిలోల దాకా తేడా లేకుండా వచ్చి, పక్కన నిలబడి చూసే మనిషి దొరికితే బార్ సంగతి మాట్లాడదాం. నెలల లెక్క నేను చెప్పలేను. అడ్డంగా సేఫ్టీ రాడ్లున్న స్టాండ్ లేని జిమ్ములో అయితే అసలు వద్దు.

పాలకొల్లు మేనమామ (ఆరు వారాల తర్వాత):
7 కిలోల దగ్గరున్నాడండి. పప్పు ప్యాకెట్ల గురించి మా అక్క ఇంకా సణుగుతూనే ఉంది. మొన్న గురువారం 11 వచ్చాయి కానీ, తొమ్మిది నుంచి కుడి మోకాలు లోపలికి వస్తోంది. గుమ్మం గీత ఈ నెల సెంటీమీటరు పైకెళ్ళింది. ఏడున్నరకి పోవచ్చా?

పీఈటీ మేడం:
వద్దండీ. ఆరు కిలోలకి దించండి, ఎనిమిదిసార్లకే ఆపించండి. వచ్చే గురువారం ఎదురునుంచి తీసిన వీడియో పెట్టండి, పక్కనుంచి తీస్తే మోకాలు కనపడదు.

జిమ్ తమ్ముడు:
మేడం, నాకు ఏడులోనే ఉంచితే బాగుంటుందనిపిస్తోంది. సంఖ్య తగ్గిస్తే సరిపోదా?

పీఈటీ మేడం:
అదీ చేయొచ్చు. పిల్లాడి మనసుకి ఏది తేలికో మేనమామ గారికే తెలుసు.