ఎడ్జ్ ఆఫ్ టుమారో చివర్లో ఒమేగా ఎలా చచ్చిపోయి ఉంది?

2014లో వచ్చిన టామ్ క్రూజ్ సినిమా ఇది. క్లైమాక్స్ లాజిక్ నాకు ఎంతకీ అతకట్లేదు, ఎవరైనా కాస్త విడమరచి చెప్పండి (చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి).

ఆల్ఫా రక్తం ఒంట్లో కలిసింది కాబట్టి కేజ్ చచ్చిన ప్రతిసారీ హీత్రోలో, చేతికి బేడీలతో, బ్యాగుల మీద లేస్తాడు. అతని జ్ఞాపకాలు తప్ప ఇంకేమీ మిగలవు, చచ్చిన సైనికులూ ఏలియన్లూ అందరూ మళ్లీ బతికే ఉంటారు. వేరేవాళ్ల రక్తం ఎక్కిస్తే ఆ శక్తి పోతుంది. ఈ రూల్స్‌ని సినిమా చాలాసేపు పద్ధతిగా పాటించింది, అందుకే టెన్షన్ కూడా పండింది.

చివర్లో లూవ్ర్ కింద ఒమేగాని పేల్చేసి, చచ్చిపోతుండగా దాని రక్తం ఒంట్లో కలిసి, ఈసారి కాలంలో ఇంకా వెనక్కెళ్లి లండన్‌కి వచ్చే హెలికాప్టర్లో లేస్తాడు. రక్తం మారింది కాబట్టి లేచే చోటూ మారిందనుకుందాం, సర్దుకుపోవచ్చు. కానీ కాలం వెనక్కి తిరిగితే ఒమేగా కూడా బతకాలి కదా? బతకలేదు, ప్యారిస్‌లో ఏదో జరిగిందని వార్తలొస్తున్నాయి. రీటా మాత్రం బతికొచ్చింది!

కాలాన్ని తిప్పేదే ఒమేగా కాబట్టి దానికి ఈ రూల్ వర్తించదా? అలాగని ముందే చెప్పే డైలాగ్ ఎక్కడైనా ఉందా, లేక హ్యాపీ ఎండింగ్ కోసం గాలికొదిలేశారా?