స్ట్రోక్ రోగి దగ్గకుండా నీళ్లు తాగితే, నోటితో ఆహారం ఇవ్వమని నర్సు రాయవచ్చా?

రాత్రిడ్యూటీ_సిస్టర్
జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. మాకు స్పీచ్ థెరపిస్టు లేరు. పక్కపక్క మంచాల్లో ఇద్దరు స్ట్రోక్ రోగులున్నారు. ఒకాయనకు కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట లేదు. అయినా మూడో రోజుకు చెంచాతో ఇచ్చిన నీళ్లు దగ్గకుండా మింగారు. రెండో ఆయన చేతుల్లో బలం బాగానే ఉంది, కానీ ఉమ్మి కూడా మింగలేక గిన్నెలో ఉమ్ముతున్నారు, ఎక్కిళ్లు ఆగడం లేదు. మొదటి ఆయనకు నోటితో ఆహారం ఇవ్వవచ్చని నేను కేస్ షీటులో రాయవచ్చా? రెండో ఆయనకు ఇంత ఇబ్బంది ఎందుకు?

పాత_కాంపౌండరు
ఇందులో ఇంత ఆలోచన ఎందుకమ్మా? పుల్లతో గొంతు వెనక తాకండి. వాంతి వచ్చినట్టు అయితే గొంతు పనిచేస్తోందన్నమాట. నీళ్లు పట్టేటప్పుడు వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టండి. అంకె పడిపోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయినట్టే. ముప్పై ఏళ్లు అలాగే చూశాం.

మింగుడు_పాఠాలు
(స్పీచ్ థెరపిస్టును, స్ట్రోక్ వార్డులో పని)
కాంపౌండరు గారూ, గొంతు తాకి చూడాలన్న మీ ఆలోచనలో కొంత నిజం ఉంది. ఆ స్పర్శను మోసే నరాల్లో కొన్ని మింగడానికీ పనికొస్తాయి. కానీ వాంతి వచ్చినట్టు కావడం వేరు, మింగడం వేరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే చాలామందికి పుల్ల పెట్టినా ఏమీ అనిపించదు, అయినా హాయిగా భోంచేస్తారు. పుల్ల పెట్టగానే డోకు వచ్చి, నీళ్లు మాత్రం శ్వాసనాళంలోకి జారే రోగులూ ఉంటారు. ఆక్సిజన్ అంకెనూ నమ్మలేం. నీళ్లు లోపలికి పోయినా కదలకపోవచ్చు, ఏమీ పోకపోయినా పడిపోవచ్చు.

సిస్టర్ గారూ, ముందు రెండో ఆయన సంగతి. మింగడాన్ని నడిపించే నాడీ అల్లిక మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే మెడుల్లాలో రెండు పక్కలా ఉంటుంది. నాలుక ముద్దను వెనక్కి నెట్టాక మిగతాదంతా అదే వరుసగా నడిపిస్తుంది. స్వరపేటిక పైకి లేచి మూసుకోవాలి, గొంతు కండరాలు పైనుంచి కిందికి నొక్కాలి, అన్నవాహిక తలుపు తెరుచుకోవాలి, ఇదంతా సెకను లోపే. రెండు పక్కలూ జతగా పనిచేస్తాయి కనుక ఒక పక్క మాత్రమే దెబ్బతిన్నా, తొలి రోజుల్లో గొంతు రెండు వైపులా వరుస తప్పుతుంది. ఆ తలుపు తెరుచుకోదు. ఉమ్మి గొంతులోనే నిలిచి, పొంగి శ్వాసనాళంలోకి పోతుంది. చేతులకు, కాళ్లకు వెళ్లే నరాల దారి మెడుల్లా ముందు భాగంలో ఉంటుంది, దెబ్బ పక్క భాగంలో తగిలితే వాటి బలం తగ్గదు. గొంతు బొంగురుపోయిందా, ఒక రెప్ప కొంచెం వాలిందా, ఆ పక్క ముఖానికి వేడి చల్లన తెలియడం లేదా చూడండి. ఇవి ఎక్కిళ్లతో కలిసి ఉంటే అక్కడి దెబ్బే అని గట్టిగా అనుమానించాలి. మొదట తీసిన సీటీలో ఏమీ కనిపించకపోయినా ఎమ్మారై అడగమని డాక్టరుకు చెప్పండి. ఆయనకు నీళ్ల పరీక్షే వద్దు. సొంత ఉమ్మి మింగలేనివారు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినట్టు.

మొదటి ఆయన దెబ్బ పెద్దమెదడులో. మెదడు పై పొరలో మింగుడు పని రెండు అర్ధగోళాల్లోనూ ఉంటుంది, కానీ సమానంగా కాదు. ఒక్కొక్కరిలో ఒక్కో వైపు ముఖ్యం, అది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో చూసుకోదు. 1990లలో ఇంగ్లండులో హమ్‌డీ బృందం తల బయటనుంచి అయస్కాంత తరంగాలతో చూపించింది ఇదే. ముఖ్యమైన వైపు దెబ్బతింటే మింగడం పోతుంది, కొన్ని వారాల్లో రెండో వైపు ఆ పని అందుకుంటే తిరిగి వస్తుంది. మీ రోగిలో బహుశా ముఖ్యమైన వైపు దెబ్బ తినలేదు.

కోడలు_హైదరాబాదు
మా అత్తగారికీ స్ట్రోక్ వచ్చింది. నీళ్లు తాగితే పొలమారుతుంది, రాగి జావ అయితే బాగా దిగుతుంది. ఎవరో తలుచుకుంటున్నారంటూ మొదట నవ్వుకున్నాం కూడా. మరి ముక్కులోంచి ఆహారం పోసే ట్యూబు తీసేసి అందరికీ జావ ఇస్తే సరిపోదా?

మింగుడు_పాఠాలు
అమ్మా, సిస్టర్ గారు అడిగింది జావ గురించి కాదు. అయినా చెబుతాను. చిక్కటి పానీయం నెమ్మదిగా కదులుతుంది కనుక శ్వాసనాళం మూసుకోవడానికి సమయం దొరుకుతుంది. కొందరికి అది మేలు. కానీ తలుపు తెరుచుకోని రెండో ఆయన లాంటివారిలో చిక్కటిదే గొంతులో ఎక్కువ మిగిలిపోతుంది. జావ పిండి పదార్థం, ఉమ్మి తగిలేకొద్దీ పలచబడుతుంది కూడా. మీ అత్తగారిని ఒకసారి చూపించండి. ట్యూబు మీరే తీయకండి.

అత్యవసర_వైద్యుడు
నేను ఒప్పుకోను. నర్సు చెంచాతో నీళ్లు ఇచ్చి పాస్ అని రాయకూడదు. గొంతులో స్పర్శ పోయినవారిలో నీళ్లు నేరుగా లోపలికి పోతాయి, దగ్గు రాదు, ముఖం కూడా మారదు. రెండు రోజులకు జ్వరం, ఎక్స్‌రేలో నిమోనియా. ముక్కులోంచి కెమెరా వేసి చూసేదాకా నోటికి ఏమీ ఇవ్వవద్దు.

మింగుడు_పాఠాలు
చెంచా గురించి మీరన్నది నిజం డాక్టరు గారూ, అందుకే చెంచాతో ఆగకూడదు. కొద్ది నీళ్లు నిశ్శబ్దంగా పోయే చాలామందిలో ఎక్కువ నీళ్లు దగ్గు రప్పిస్తాయి. యేల్ పద్ధతిలో 90 మిల్లీలీటర్లు ఆపకుండా తాగించడం అందుకే. మధ్యలో ఆపినా, దగ్గినా, వెంటనే ఉక్కిరిబిక్కిరి అయినా ఫెయిల్. 2008లో 3,000 మందిలో కెమెరాతో పోల్చి చూస్తే, నీళ్లు లోపలికి పోయేవారిలో నూటికి 96 మందికి పైగా ఈ పరీక్షలో దొరికారు. లోపలికి పోనివారిలో సగం మంది కూడా ఫెయిలయ్యారు. అంటే పాస్‌ను చాలావరకు నమ్మవచ్చు, ఫెయిల్ అంటే నిపుణులు చూడాలని మాత్రమే అర్థం.

మొదటి ఆయనకు ఇలా చేయండి. పూర్తిగా మెలకువగా ఉండాలి, వీపు నిటారుగా కూర్చోబెట్టాలి. ముందు నోరు శుభ్రం చేయాలి, ఎందుకంటే నీళ్లకన్నా నీళ్లతో పోయే నోటి క్రిములే ఎక్కువ హాని చేస్తాయి. ఆయనకు మాట లేదు కనుక ‘ఆ’ అనమంటే అనలేకపోవచ్చు. మూలుగో, గొణుగో విని ముందు స్వరం గుర్తుపెట్టుకోండి. ఆజ్ఞలు అర్థం కాకపోతే గ్లాసు ఎడమ చేతికి ఇవ్వండి, చాలామంది అలవాటు కొద్దీ తాగుతారు. ఆ తర్వాత నిమిషం పాటు వినండి. గొంతులో తడి గరగర వస్తే, దగ్గు లేకపోయినా నేను ఫెయిల్ అనే రాస్తాను. పాసైతే కుడి బుగ్గలో ఆహారం మిగులుతోందేమో ప్రతి భోజనం తర్వాతా చూడండి.

అత్యవసర_వైద్యుడు
గుర్తించకుండా పోయే ఆ మూడు నాలుగు మంది మా వార్డులోనే ఉంటే? బలహీనంగా ఉన్నవారికి ఒక్కసారి అన్ని నీళ్లు పట్టడం కూడా నాకు నచ్చదు.

మింగుడు_పాఠాలు
చిన్న గుటకలతో మొదలుపెట్టి, అవి సరిపోతేనే గ్లాసు ఇచ్చే పద్ధతులూ ఉన్నాయి. ఆ మెట్లు మీకు నచ్చవచ్చు. కానీ కెమెరా లేని చోట ఎదురుచూడడమూ ఉచితం కాదు. మాత్రలు ఆగుతాయి, ఒళ్లు ఎండిపోతుంది, ట్యూబు ఉన్నా ఉమ్మి లోపలికి పోతూనే ఉంటుంది. ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ వార్డులను రెండు జట్లు చేసి పోల్చారు. నర్సులు జ్వరం, చక్కెర, మింగుడు మూడింటినీ తొలి 72 గంటలు పద్ధతిగా చూసుకున్న వార్డుల్లో, 90 రోజులకు చనిపోయినవారు లేదా ఇతరులపై ఆధారపడినవారు 42 శాతం, మిగతా వార్డుల్లో 58 శాతం అని 2011లో ప్రచురించారు.

అత్యవసర_వైద్యుడు
మూడూ కలిపి చేశారు కదా. మింగుడు పరీక్ష వాటా ఎంతో ఆ అంకె చెప్పదు.

మింగుడు_పాఠాలు
చెప్పదు, ఒప్పుకుంటాను.

రాత్రిడ్యూటీ_సిస్టర్
రెండో ఆయనకు కుడి రెప్ప వాలి ఉంది. కుడి బుగ్గపై చల్లటి స్పూను పెడితే తెలియలేదన్నారు. డ్యూటీ డాక్టరుకు చెప్పాను, ముక్కులోంచి రైల్స్ ట్యూబు వేశారు, ఎమ్మారైకి రాశారు. మొదటి ఆయన గ్లాసు ఎత్తి తాగి సగంలో ఆపేశారు, దగ్గు లేదు. ఇది ఫెయిలా?

మింగుడు_పాఠాలు
పద్ధతి ప్రకారం ఫెయిలే. ఊపిరి అందక ఆపారా, ఇక చాలనుకున్నారా మనకు తెలియదు. ఆహారం ఆపి, రేపు బాగా మెలకువగా ఉన్న సమయంలో మళ్లీ చేయండి. మళ్లీ ఆపితే స్పీచ్ థెరపిస్టు ఉన్న ఆసుపత్రికి పంపమని రాయండి.

అత్యవసర_వైద్యుడు
నేనైతే రేపటిదాకా ఆగకుండా ఈ రోజే పంపుతాను.