కోడ్ లీకయ్యాక వచ్చిన ఆర్డర్లకి ఇన్‌ఫ్లుయెన్సర్‌కి కమిషన్ ఇవ్వాలా?

శ్రీను (స్టోర్)
ఒక ఇన్‌ఫ్లుయెన్సర్‌కి ANU15 అని కోడ్ ఇచ్చాం. కొన్నవాళ్లకి 15% తగ్గింపు, ఆవిడకి ప్రతి ఆర్డర్ మీద 10% కమిషన్. ఆరు వారాల్లో 1230 ఆర్డర్లు ఆ కోడ్ మీద వచ్చాయని సంబరపడ్డాం, తీరా చూస్తే కోడ్ కూపన్ సైట్లన్నిట్లో ఉంది. మొత్తానికీ కమిషన్ కట్టాలా, కోత పెట్టొచ్చా?

మహేష్
ఇందులో పెద్ద ఆలోచించేదేం లేదు బ్రో. ఎనలిటిక్స్ ఓపెన్ చేసి ఆ 1230 ఆర్డర్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి, కూపన్ సైట్ నుంచి వచ్చినవి తీసేయండి, మిగతావి ఆవిడవి. అరగంట పని.

లెక్కలరావు
మహేష్ గారూ, మీరు చెప్పింది చూడాల్సిందే, కానీ అలా దొరికేవి చాలా తక్కువ. మనిషి మామూలుగానే స్టోర్‌కి వచ్చి వస్తువు కార్ట్‌లో వేసుకుంటాడు, చెక్అవుట్‌లో "ప్రోమో కోడ్" అని ఖాళీ డబ్బా కనపడగానే ఇంకో ట్యాబ్ తెరిచి స్టోర్ పేరు పక్కన కూపన్ అని కొట్టి, దొరికిన కోడ్ కాపీ చేసుకుని పాత ట్యాబ్‌కి వచ్చేస్తాడు. మీ ఎనలిటిక్స్‌లో అతను నేరుగా వచ్చినవాడే. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ అయితే ఇంకో ట్యాబ్ కూడా అక్కర్లేదు, మీ పేజీలోనే కూర్చుని తన దగ్గరున్న కోడ్లన్నీ వేసి చూస్తుంది.

శ్రీను గారూ, రోజువారీ లెక్క ఉందా? కోడ్ ఆర్డర్లు ఒక్కటే కాదు, స్టోర్ మొత్తం ఆర్డర్లు కూడా పక్కన పెట్టి చెప్పండి.

శ్రీను (స్టోర్)
ఉందండి. వీడియో వచ్చిన మొదటి 5 రోజుల్లో 260. తర్వాత తగ్గుతూ వచ్చింది, 6వ రోజు నుంచి 18వ రోజు దాకా కలిపి 130, ఆ చివరి రోజుల్లో అయితే రోజుకి 6 దాకా పడిపోయింది. 19వ రోజు నుంచి మళ్లీ లేచి 42వ రోజు దాకా రోజుకి 35 చొప్పున వస్తూనే ఉన్నాయి, అవి 840. ఆవిడ మధ్యలో కొత్త పోస్ట్ ఏదీ పెట్టలేదు. స్టోర్ మొత్తం మాత్రం 18వ రోజు ముందూ తర్వాతా రోజుకి 200 అటూ ఇటూగానే ఉంది.

లెక్కలరావు
ఆఖరి మాటలోనే ఉంది అంతా. కోడ్ ఆర్డర్లు రోజుకి 6 నుంచి 35కి పెరిగాయి, స్టోర్ మొత్తం కదల్లేదు. అంటే కొత్తగా 29 మంది రాలేదు, ఎలాగూ పూర్తి ధరకి కొనబోయేవాళ్లు 29 మంది ఆ కోడ్ వేసుకున్నారు. వాళ్ల మీద మీకు 15 పోయింది, పైన కమిషన్ 10. ఆ కూపన్ సైట్లకి ఎఫిలియేట్ కమిషన్ కూడా ఇస్తుంటే అదే ఆర్డర్‌కి మూడోసారి కడుతున్నట్టు, అది కూడా చూసుకోండి.

ఇన్‌ఫ్లుయెన్సర్ వల్ల వచ్చే ఆర్డర్ల గ్రాఫ్ మామూలుగా నిటారుగా లేచి కొండ దిగినట్టు దిగుతుంది. లీక్ అయినది బల్లపరుపుగా సాగుతుంది, ఎందుకంటే అది స్టోర్‌కి రోజూ వచ్చే జనంతో పాటే నడుస్తుంది కాబట్టి. లెక్క ఇలా వేస్తా: ముందటి 390 ఆవిడవే, అనుమానం లేదు. తర్వాతి 24 రోజులకి ఆవిడ వల్ల రోజుకి 6 వచ్చేవి కదా, అవి 144. మొత్తం 534. మిగిలిన 696 లీక్. ఇది అంచనా మాత్రమే, ఏ ఆర్డర్ ఎవరిదో ఇది చెప్పదు.

సుజాత
మాక్కూడా ఇలాగే అయింది, గిఫ్ట్ కార్డు నంబర్ ఎవరో కొట్టేసి మొత్తం బ్యాలెన్స్ వాడేశారు, కస్టమర్ కేర్ పట్టించుకోలేదు. ముందు పాస్‌వర్డ్‌లు మార్చండి.

లెక్కలరావు
సుజాత గారూ, మీకు జరిగింది దొంగతనం. ఇక్కడ ఎవరూ దేన్నీ హ్యాక్ చేయలేదు, అందరూ వాడుకోమని ఇచ్చిన కోడే ఎక్కడికో పాకింది.

రమ్య (వీడియోలు చేస్తా)
నేను అవతలి వైపు నుంచి మాట్లాడతాను. ఒక బ్రాండ్ నాకు సరిగ్గా ఇదే చేసింది, రెండు నెలలయ్యాక "నీ కోడ్ లీకయింది" అని ఒక ముక్క మెయిల్ పెట్టి సగం కమిషన్ ఆపేశారు, ఒక్క లెక్క కూడా చూపించలేదు. కోడ్ నేను ఏ సైట్‌లోనూ పెట్టలేదండీ. చెక్అవుట్‌లో ఆ డబ్బా పెట్టింది వాళ్లు, ఎన్నిసార్లైనా వాడుకునే కోడ్ చేసింది వాళ్లు, గడువు పెట్టనిది వాళ్లు. ఇంకో మాట, నా వీడియో చూసినవాళ్లకి కోడ్ గుర్తుండదు. మూడు వారాల తర్వాత కొనాలనిపించి పేరు కొట్టి వెతికితే మొదట వచ్చేది కూపన్ సైటే. ఆ ఆర్డర్ నాది కాదా? మీ 696లో అలాంటివాళ్లు ఎంతమందో రావు గారికి ఎలా తెలుసు?

లెక్కలరావు
తెలీదమ్మా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఇలాంటి కోడ్లు ఇచ్చేది కూడా అందుకే, ఫోన్‌లో విని కంప్యూటర్‌లో కొనేవాళ్లని లింక్ పట్టుకోలేదు. కానీ అలా వెతుక్కుని వచ్చేవాళ్లు నిజంగా మీ వల్ల వస్తే స్టోర్ మొత్తం ఆర్డర్లు కొంతైనా పెరగాలి, వాళ్లలో మొదటిసారి కొనేవాళ్లు ఎక్కువ ఉండాలి. శ్రీను గారూ, 19వ రోజు తర్వాత కోడ్ వాడినవాళ్లలో పాత కస్టమర్లు ఎంతమంది? చెక్అవుట్‌లో కోడ్ ప్రయత్నాల లాగ్ ఉంటే అది కూడా తీయండి.

శ్రీను (స్టోర్)
మొదటి 5 రోజుల్లో పది మందిలో ఎనిమిది మంది కొత్తవాళ్లు. 19 తర్వాత పదిలో ఆరుగురు ఇంతకుముందు మా దగ్గర కొన్నవాళ్లే. లాగ్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి:

```
21:14:02  WELCOME10  invalid
21:14:03  SAVE20     invalid
21:14:03  FREESHIP   expired
21:14:04  ANU15      applied
```

లెక్కలరావు
రెండు సెకన్లలో నాలుగు కోడ్లు, మనిషి వేళ్లతో అయ్యే పని కాదు, అది ఎక్స్‌టెన్షన్. ఆ కస్టమర్ ANU15 అనే పేరు చదివి కూడా ఉండడు. ఇలాంటి ఆర్డర్లని ఒక్కొక్కటిగా గుర్తు పెట్టి తీసేయొచ్చు, ఆవిడకి చూపించడానికి ఆధారం కూడా ఉంటుంది. ఒక్క కోడే, ఒక్కసారే టైప్ చేసి ఉంటే మాత్రం అది రమ్య గారు చెప్పిన మనిషి కావచ్చు, కాకపోవచ్చు, దాన్ని ఆవిడకే వదిలేయండి.

మహేష్
అలా వదిలేస్తే లీకైనవాటికి కూడా కట్టినట్టే కదా? రూల్ అంటే రూల్ ఉండాలి బ్రో.

రమ్య (వీడియోలు చేస్తా)
రూల్ ముందే రాసుకుని ఉంటే ఉండాలి. ఒప్పందంలో "కోడ్ మీద వచ్చిన ప్రతి ఆర్డర్" అని రాసి తర్వాత ఎక్స్‌టెన్షన్ అంటే ఎలా? లాగ్ చూశాక వాటి విషయంలో నాకు గట్టిగా వాదించాలని లేదు, కానీ అడక్కుండా కోసేస్తే ఒప్పుకోను.

శ్రీను (స్టోర్)
ఒప్పందంలో అలాగే రాసుందండి, "ప్రతి ఆర్డర్" అని. కాబట్టి ఈ ఆరు వారాలకీ కట్టేస్తున్నా, లాగ్ మాత్రం ఆవిడకి పంపి మాట్లాడతా. ANU15 ఈ రాత్రికే ఆపేస్తున్నా. వచ్చేసారి ఒక్కొక్కరికీ ఒక్కసారే పనిచేసే కోడ్లు ఇద్దామనుకుంటున్నా, వీడియోలో నోటితో చెప్పడం ఎలా అన్నదే అర్థం కావట్లేదు.

లెక్కలరావు
నోటితో చెప్పేదానికి ఒక్కసారి కోడ్ కుదరదు. చిన్న లింక్ చెప్పించండి, అది తెరిచి మెయిల్ ఇచ్చినవాళ్లకి అక్కడే వాళ్ల సొంత కోడ్ వచ్చేలా పెట్టండి. మధ్యలో కొందరు జారిపోతారు, ఆ నష్టం ఉంటుంది. అది వద్దనుకుంటే మామూలు కోడే ఇచ్చి ఐదారు రోజుల గడువు పెట్టి, తర్వాతి వీడియోకి కొత్త కోడ్ ఇవ్వండి. ఒకటి గుర్తుంచుకోండి, ఈ రాత్రి ANU15 ఆపాక వారం రోజులు స్టోర్ మొత్తం ఆర్డర్లు రాసి పెట్టుకోండి. 200 దగ్గరే నిలబడితే నా లెక్క దాదాపు సరే, బాగా పడిపోతే రమ్య గారు అన్నదాంట్లో నేననుకున్నదానికంటే ఎక్కువ నిజముంది.

రమ్య (వీడియోలు చేస్తా)
ఆ వారం అంకెలు ఇక్కడ పెట్టండి శ్రీను గారూ, నాక్కూడా కావాలి.