86 శాతం పూర్తయింది, నీళ్లు మాత్రం రావు: పైవాళ్లకు పంపే రిపోర్టులో ఏం రాయాలి?

గుణుపూర్: 11 ఊళ్లకు తాగునీటి పైపులైను, మొత్తం 42 కిలోమీటర్లు. 36 వేశాం, అంటే 86 శాతం. రైలు పట్టాల కింద 40 మీటర్లు దాటించడానికి రైల్వే అనుమతి రాలేదు. మధ్యలో మోటారు కాలింది, వారంలో బాగుచేయించాం. చీఫ్ ఇంజినీరు గారికి ఒక్క పేజీ పంపాలి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

పర్లాకిమిడి: అనుమతి సంగతి ఇప్పుడే ఎత్తకు బాబూ. పరిష్కారం చేతిలో లేకుండా సమస్య రాస్తే తిట్లు మిగులుతాయి.

రాయగడ: మోటారు విషయంలో ఆ మాట సరే. బాగైపోయింది, తేదీ కదల్లేదు, వదిలేయండి. అనుమతి అలా కాదు, అది సైట్లో తేలే పని కాదు. పట్టాలకు అవతల ఎన్ని ఊళ్లు? వేసిన 36లో ప్రెషర్ టెస్టు ఎంతవరకు అయింది?

గుణుపూర్: అవతల ఆరు. టెస్టు 21 కిలోమీటర్లకే అయిందండి.

రాయగడ: చూశారా! 40 మీటర్లంటే మొత్తం పొడవులో వెయ్యో వంతు కూడా లేదు. శాతంలో కనబడదు గానీ ఆరు ఊళ్లను ఆపేస్తుంది. ఇక టెస్టు కాని 15 కిలోమీటర్లను పూర్తయిన పనిలో కలపొద్దు. జాయింటు కారితే పూడ్చిన కందకం మళ్లీ తవ్వాలి. ‘వేసింది 36, టెస్టు అయింది 21’ అని విడిగా చూపించండి. పైన ఈ నాలుగు ముక్కలు చాలు:

‘ఇవతలి 5 ఊళ్లకు నీళ్లు డిసెంబరు నెలాఖరుకు. అవతలి 6 ఊళ్లకు రైల్వే అనుమతి వచ్చిన 45 రోజులకు. దరఖాస్తు ఆగస్టు 12న ఇచ్చాం, వాళ్లు అడిగిన సవరించిన డ్రాయింగు సెప్టెంబరు 27న పంపాం, జవాబు లేదు. మీ స్థాయి నుంచి రైల్వే డివిజన్ కార్యాలయానికి లేఖ వెళ్లాలి.’

ఆ తేదీలు, 45 రోజులు నమూనాకే, మీ ఫైలు చూసి మార్చుకోండి. ఎవరికి ఎన్నిసార్లు ఫోన్ చేశారో రాయక్కర్లేదు, అది ఫైల్లో ఉంటే చాలు.

సిరోంచ: మా రోడ్డు పనిలో రెండు నెలలు వానలకే పోయాయి. ‘వర్షాల వల్ల ఆలస్యం’ అని రాయొచ్చా అన్నా?

రాయగడ: వాన ఏటా వచ్చేదే కదా తమ్ముడూ, షెడ్యూలులో వానాకాలానికి వదిలిన రోజులు తీసేసి, మిగిలినవే ఆలస్యంగా చూపించు. లేకపోతే ‘ముందు తెలియదా?’ అని అడుగుతారు.

పర్లాకిమిడి: సరే, అనుమతి రాయాల్సిందే. కానీ ‘వచ్చిన 45 రోజులకు’ అంటే పైవాళ్లు ఊరుకోరు, తేదీ చెప్పమంటారు.

రాయగడ: అడిగితే అనుమతి ఏ నెలలో వస్తుందని అనుకుంటున్నామో కూడా తేదీ పక్కనే రాయాలి. ఉత్త తేదీ ఇస్తే మీటింగు మినిట్స్‌లో అదే మాట ఇచ్చినట్టు ఎక్కుతుంది.

పర్లాకిమిడి: ఆ షరతు మినిట్స్‌దాకా మిగలదు గురువుగారూ, తేదీ ఒక్కటే మిగులుతుంది. నేనైతే తేదీ ఇవ్వను.

గుణుపూర్: ఇంకోటి. కాంట్రాక్టరుకు రెండు బిల్లులు ఆగాయి, కూలీలు తగ్గిపోతున్నారు. ఇదీ రాయాలా?

రాయగడ: టెస్టు రోజుకు ఎన్ని మీటర్లు సాగుతోంది? ఆ లెక్కన డిసెంబరు దాటితే రాయాలి, దాటకపోతే అకౌంట్స్‌తో తేల్చుకోండి.